తల్లి కిడ్నీ పెట్టి ఐదు నెలలైంది, ఇప్పుడు రిజెక్షన్ ఏంటి?

ప్రశ్న: నమస్తే డాక్టర్‌గారూ. మాది గాజువాక. మా వారికి 36 ఏళ్లు, సొంతూరు ఉద్దానం వైపు. రెండేళ్లు డయాలసిస్ మీద ఉన్నాక ఐదు నెలల కిందట మా అత్తగారి కిడ్నీ పెట్టారు. ఆపరేషన్ రోజే యూరిన్ బాగా వచ్చింది. కిడ్నీ పట్టిందన్నారు. క్రియాటినిన్ 1.2 దగ్గర నిలిచింది. రెండు నెలల నుంచి స్టీల్‌ప్లాంట్‌లో మళ్లీ డ్యూటీకి వెళ్తున్నారు, మూడు షిఫ్టులూ మారుతుంటాయి. పోయిన నెల క్రియాటినిన్ 1.4 వచ్చింది, ఇప్పుడు 1.8. టాక్రోలిమస్ లెవెల్ 3.4 అట. జ్వరం, నొప్పి ఏమీ లేవు, మనిషి మామూలుగానే ఉన్నారు. అక్యూట్ రిజెక్షన్ కావచ్చు, బయాప్సీ చేయాలంటున్నారు. సొంత తల్లి కిడ్నీకి, అదీ పట్టాక, రిజెక్షన్ ఎలా వస్తుంది? సూది గుచ్చకుండా మందు పెంచితే సరిపోదా? పక్కింటివాళ్లేమో కిడ్నీ పట్టేశాక ఇన్ని మందులెందుకు అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక సోదరి, గాజువాక

జవాబు: బయాప్సీకి ఒప్పుకోండమ్మా, ఈ వారంలోనే చేయించండి. 1.2 నుంచి 1.8 అంటే చూడటానికి చిన్న తేడాలా ఉంటుంది. కానీ ఆయనకు అలవాటైన అంకె మీద అది సగానికి సగం పెరిగినట్టు. కిడ్నీ మార్పిడి అయిన మనిషికి నాలుగో వంతు పెరిగినా మేం కారణం వెతకడం మొదలుపెడతాం.

మనిషి మామూలుగా ఉన్నారన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. ఇప్పుడున్న మందులు రాకముందు రిజెక్షన్ వస్తే జ్వరం వచ్చేది, కొత్త కిడ్నీ ఉన్నచోట వాచి నొప్పి పుట్టేది, యూరిన్ తగ్గిపోయేది. ఇప్పటి మందులు ఆ లక్షణాల్ని అణిచేస్తాయి. లోపల కిడ్నీ దెబ్బ తింటూనే ఉంటుంది, పైకి తెలిసేది రక్తపరీక్షలో అంకె ఒక్కటే. ఆయన ప్రతి నెలా పరీక్ష చేయించుకున్నారు కాబట్టే ఇది 1.8 దగ్గర బయటపడింది.

ఇక తల్లి కిడ్నీ సంగతి. మన ఒంట్లో దాదాపు ప్రతి కణం మీదా హెచ్‌ఎల్‌ఏ అనే ప్రొటీన్లు గుర్తులుగా ఉంటాయి. ప్రతి మనిషికీ ఈ గుర్తులు రెండు సెట్లు, ఒకటి అమ్మ నుంచి, ఇంకొకటి నాన్న నుంచి వస్తాయి. మీ అత్తగారికి ఉన్న రెండు సెట్లలో మీ వారికి అందింది ఒకటే. రెండోది ఆయన ఒంటికి ఎన్నడూ తెలియదు. కిడ్నీలో మాత్రం ఆ రెండు సెట్లూ ఉన్నాయి. కాబట్టి సొంత తల్లిదైనా ఆ కిడ్నీ ఆయన శరీరానికి సగం సొంతం, సగం పరాయి. పూర్తిగా సొంతం అనిపించుకునేది ఒకేలాంటి కవలల మధ్య ఇచ్చినదే. 1954 డిసెంబరులో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం చేసిన మొదటి విజయవంతమైన కిడ్నీ మార్పిడి అలాంటి కవల సోదరుల మధ్యే జరిగింది. రిజెక్షన్ మందులేమీ లేకుండానే ఆ కిడ్నీ ఏళ్ల తరబడి పనిచేసింది. మిగతా అందరికీ, తల్లీబిడ్డలైనా సరే, మందులు ఉండాల్సిందే.

ఆపరేషన్ రోజు మీకు చెప్పిన ‘పట్టింది’ అన్న మాటకు అర్థం చాలా పరిమితం. ఆ రోజు దాటింది రిజెక్షన్లలో ఒక రకాన్ని మాత్రమే. దాని పేరు హైపర్ అక్యూట్ రిజెక్షన్. కిడ్నీ ఇచ్చిన మనిషి గుర్తులకు వ్యతిరేకంగా తీసుకున్న మనిషి రక్తంలో ముందే తయారైపోయిన యాంటీబాడీలు ఉంటే ఇది వస్తుంది. రక్తనాళం కలిపి క్లాంపు వదలగానే ఆ యాంటీబాడీలు కిడ్నీ రక్తనాళాల లోపలి పొరకు అతుక్కుంటాయి. వాటి వెనకే కాంప్లిమెంట్ అనే ప్రొటీన్ల వ్యవస్థ రగులుతుంది, నాళాల్లో రక్తం గడ్డకడుతుంది. గులాబీ రంగులో బిగువుగా ఉండాల్సిన కిడ్నీ నిమిషాల్లో, మహా అయితే కొన్ని గంటల్లో, నీలంగా మెత్తబడిపోతుంది. అప్పుడు చేసేది ఏమీ ఉండదు, తీసేయడమే.

దీనికి మందు లేదు, కానీ ముందే పట్టుకునే పరీక్ష ఉంది. క్రాస్‌మ్యాచ్ అని ఆపరేషన్‌కు ముందు మీ వారి రక్తం, మీ అత్తగారి రక్తం తీసుకున్నది గుర్తుండే ఉంటుంది. అత్తగారి రక్తంలోని తెల్లకణాల్ని మీ వారి సీరంతో కలిపి, దానికి కాంప్లిమెంట్ చేర్చి చూస్తారు. కణాలు చచ్చిపోతే యాంటీబాడీలు ఉన్నట్టే, ఆ కిడ్నీ పెట్టకూడదు. ఈ పరీక్ష ఎంత అవసరమో 1969లో పటేల్, టెరసాకి అనే ఇద్దరు లెక్కతో చూపించారు. క్రాస్‌మ్యాచ్ పాజిటివ్ ఉన్నా కిడ్నీ పెట్టిన 30 మందిలో 24 కిడ్నీలు వెంటనే పోయాయి. నెగెటివ్ ఉన్న 195 మందిలో అలా పోయినవి ఎనిమిది. అప్పటి నుంచి ఈ పరీక్ష లేకుండా ఎవరూ కిడ్నీ పెట్టరు, అందుకే హైపర్ అక్యూట్ ఇప్పుడు చాలా అరుదు. ఇలాంటి యాంటీబాడీలు రక్తం ఎక్కించడం వల్ల, గర్భం వల్ల, అంతకుముందు పెట్టిన కిడ్నీ వల్ల పుడతాయి. డయాలసిస్ రోజుల్లో రక్తం తగ్గితే వీలైనంతవరకు రక్తం ఎక్కించకుండా ఎరిత్రోపొయిటిన్ ఇంజెక్షన్లతో నెట్టుకొచ్చేది ఇందుకే.

అక్యూట్ రిజెక్షన్ దారి వేరు. ఇక్కడ ఆయుధం ముందే సిద్ధంగా ఉండదు. కిడ్నీ వచ్చాక శరీరం దాన్ని చూసి, పరాయిదని తేల్చుకుని, సైన్యం తయారుచేసుకుంటుంది. ఆ సైన్యం టీ కణాలు అనే తెల్లకణాలు. దీనికి కనీసం కొన్ని రోజులు పడుతుంది. అందుకే ఇది సాధారణంగా మొదటి వారం తర్వాతే కనబడుతుంది. మొదటి ఆరు నెలల్లో ఎక్కువ, ఆ తర్వాత తగ్గుతుంది. కానీ మందులు తప్పితే పదో ఏట కూడా రావచ్చు. మీ వారు ఐదో నెలలో ఉన్నారు, అంటే ఇంకా ప్రమాదం ఎక్కువగా ఉండే కాలంలోనే.

టీ కణం ఊరికే లేవదు. బ్యాంకు లాకరుకు మన తాళంచెవి, మేనేజర్ తాళంచెవి రెండూ పడితేనే తలుపు తెరుచుకున్నట్టు, దానికి రెండు సంకేతాలు కావాలి. ఒకటి పరాయి గుర్తు కనబడటం. రెండోది, ఆ గుర్తును చూపించే కణం ‘ఇది నిజంగా ప్రమాదమే’ అని ఇచ్చే ఖరారు. రెండూ అందాక టీ కణం లోపల కాల్సిన్యూరిన్ అనే ఎంజైమ్ పనిచేసి, ఇంటర్‌ల్యూకిన్-2 అనే రసాయనం తయారయ్యేలా చేస్తుంది. ఆ రసాయనం అందుకున్న టీ కణాలు ఒకటి రెండై, రెండు నాలుగై పెరుగుతూ పోతాయి. పెరిగిన కణాలు కిడ్నీలోకి దిగి దాని గొట్టాల గోడల్లో దూరతాయి.

మీ వారు రోజూ వేసుకునే మూడు మందులూ ఈ దారిలో మూడు వేర్వేరు చోట్ల అడ్డుపడతాయి. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఇది వివరంగా చెప్పే తీరిక చాలామందికి దొరకదు, అందుకని ఇక్కడ కొంచెం సాగదీస్తున్నాను.

టాక్రోలిమస్ కాల్సిన్యూరిన్‌ను ఆపుతుంది. అంటే టీ కణానికి పరాయి గుర్తు కనబడినా ఇంటర్‌ల్యూకిన్-2 తయారీ మొదలవదు. 1984లో జపాన్‌లోని త్సుకుబా ప్రాంతపు మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి దీన్ని తీశారు. అంతకుముందు ఇదే పని చేసిన సైక్లోస్పోరిన్ ఒక ఫంగస్ నుంచి వచ్చింది. ఈ మూడింటిలో అసలు బరువు మోసేది టాక్రోలిమసే. చిక్కల్లా ఏంటంటే, దాని మోతాదు ఇరుకు సందులో నడవాలి. తక్కువైతే టీ కణాలు లేస్తాయి, ఎక్కువైతే మందే కిడ్నీని దెబ్బతీస్తుంది, చేతులు వణుకుతాయి, షుగర్ పెరుగుతుంది. రక్తంలో లెవెల్ చూస్తూ సరిచేసేది అందుకే.

మైకోఫెనోలేట్ ఇంకో మెట్టు మీద పనిచేస్తుంది. కణం రెండుగా చీలాలంటే కొత్త డీఎన్‌ఏ కావాలి, దానికి ప్యూరిన్ అనే ముడిసరుకు కావాలి. మిగతా కణాలు పాత సరుకును తిరిగి వాడుకోగలవు. లింఫోసైట్లు మాత్రం చాలావరకు కొత్తగా తయారయ్యే దాని మీదే ఆధారపడతాయి. ఆ కొత్త తయారీని మైకోఫెనోలేట్ ఆపేస్తుంది. టాక్రోలిమస్ కన్నుగప్పి కొన్ని కణాలు లేచినా అవి పెద్ద సంఖ్యకు చేరవు. (మీకు తెలిసినవాళ్లలో ఆడవాళ్లెవరైనా ఈ మందు మీద ఉంటే ఒక మాట: గర్భానికి ఆరు వారాల ముందే డాక్టరుకు చెప్పి దీన్ని మార్పించుకోవాలి. పుట్టబోయే బిడ్డకు ఇది హాని చేస్తుంది.)

మూడోది ప్రెడ్నిసొలోన్, స్టెరాయిడ్. కణాల్ని రెచ్చగొట్టే రకరకాల రసాయనాల తయారీని ఇది ఒకేసారి తగ్గిస్తుంది. గురిచూసి కొట్టే మందు కాదు, కానీ తొందరగా పనిచేస్తుంది. ఎమర్జెన్సీలో ముందు దీన్నే పెద్ద డోసులో ఇచ్చేది అందుకే.

ఇప్పుడు ఆ 3.4 దగ్గరికి వద్దాం. ఐదో నెలలో చాలా కేంద్రాలు టాక్రోలిమస్ లెవెల్ మిల్లీలీటరు రక్తంలో సుమారు 6 నుంచి 10 నానోగ్రాముల మధ్య ఉంచాలని చూస్తాయి. మీ ఆసుపత్రి పెట్టుకున్న హద్దు ఏదో ఫైల్లో రాసే ఉంటుంది, చూడండి. ఎలా చూసినా 3.4 తక్కువే. అయితే ఈ అంకెను నమ్మేముందు ఒక ప్రశ్న వేయాలి. రక్తం ఇచ్చింది ఆఖరి మాత్ర వేసుకున్న ఎన్ని గంటలకు? ఈ పరీక్ష 12 గంటలకు, తర్వాతి డోసు వేసుకునే ముందు చేయాలి. ముందురోజు సాయంత్రం మాత్ర మర్చిపోయి ఉంటే, పొద్దున ఇచ్చిన రక్తంలో అంకె ఉండాల్సిన దానికన్నా తక్కువ వస్తుంది. పొద్దున మాత్ర వేసుకుని వచ్చి రక్తం ఇస్తే ఎక్కువ వస్తుంది, అప్పుడు డాక్టరు అనవసరంగా డోసు తగ్గించే ప్రమాదం ఉంది. ఈ రెండో పొరపాటు ఓపీల్లో తరచూ జరుగుతుంది, ఎందుకంటే రక్తం తీసేవాళ్లు టైము అడగరు.

మీ వారి విషయంలో నా అనుమానం షిఫ్టుల మీదే. డ్యూటీకి వెళ్లింది రెండు నెలల కిందట, క్రియాటినిన్ మొదట కదిలింది నెల కిందట. పొద్దుటి ‘ఏ’ షిఫ్టు వారంలో తెల్లవారుజామునే లేచి వెళ్తారు, రాత్రి ‘సీ’ షిఫ్టు వారంలో పొద్దున వచ్చి పడుకుంటారు. ‘లేచాక వేసుకుందాం’ అనుకుంటే రెండు డోసుల మధ్య ఒకసారి తొమ్మిది గంటలు, ఇంకోసారి పద్దెనిమిది గంటలు అవుతుంది. మాత్రల లెక్క సరిపోతుంది, పెట్టె టైముకే ఖాళీ అవుతుంది, అందుకే ఇంట్లో ఎవరికీ తప్పినట్టు తెలియదు. ఇలా లెవెల్ కిందికీ పైకీ ఊగుతూ ఉండటం కూడా రిజెక్షన్‌కు ఒక దారే. ఇది ఆయన్ను మందలించడానికి రాయడం లేదు. పోయిన రెండు నెలల్లో మాత్ర ఏ టైములకు వేసుకున్నారో ఆయన దగ్గర కూర్చుని, కోపం లేకుండా కనుక్కోండి. నిజం డాక్టరుకు చెప్పండి. లెవెల్ తగ్గింది మాత్ర టైముకు పడకనా, లేక డోసే చాలకనా అనేది దాన్నిబట్టే తేలుతుంది.

మందు పెంచితే సరిపోదా అన్నారు. ఇక్కడే బయాప్సీ విలువ. మూడు వేర్వేరు జబ్బులు క్రియాటినిన్‌ను ఇలాగే పెంచుతాయి, వాటి వైద్యం మాత్రం ఒకదానికొకటి ఎదురు. రిజెక్షన్ అయితే మందులు పెంచాలి. బీకే వైరస్ అయితే తగ్గించాలి. ఈ వైరస్ మనలో చాలామందికి చిన్నతనంలోనే వచ్చి కిడ్నీల్లో నిద్రపోతూ ఉంటుంది, రోగనిరోధక శక్తి తగ్గించగానే లేస్తుంది. మొదటి నెలల్లో పెట్టిన పెద్ద డోసుల ప్రభావం ఇప్పుడు కనిపిస్తూ ఉండొచ్చు. మూడోది టాక్రోలిమస్ ఎక్కువై కిడ్నీ నలగడం. 3.4 చూస్తే అదయ్యే అవకాశం తక్కువ, కానీ ఆ అంకె ఒక్క రోజుది. ఊహించి స్టెరాయిడ్ పెద్ద డోసులో ఇచ్చాక అది బీకే వైరస్ అని తేలితే, మనమే దానికి దారి తెరిచినట్టవుతుంది. బయాప్సీకి ముందు అల్ట్రాసౌండ్, యూరిన్ కల్చర్, బీకే వైరస్‌కు రక్తపరీక్ష చేస్తారు. యూరిన్ దారి మూసుకుపోవడం, ఇన్‌ఫెక్షన్ లాంటివి అక్కడే తేలిపోతాయి.

సూది భయం సహజమే. కొత్త కిడ్నీ మామూలు కిడ్నీలా నడుం వెనక లోతులో ఉండదు. పొత్తికడుపు పక్కన, చర్మం కింద కాస్త లోతులోనే ఉంటుంది. అక్కడ మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సన్నని సూదితో దారప్పోగులాంటి ముక్కలు ఒకటో రెండో తీస్తారు. తర్వాత కొన్ని గంటలు కదలకుండా పడుకోబెట్టి బీపీ, యూరిన్ రంగు చూస్తారు. యూరిన్ కొంచెం ఎర్రగా రావడం కొందరికి జరుగుతుంది, చాలావరకు దానంతటదే ఆగుతుంది. ఎక్కువ రక్తస్రావమై రక్తం ఎక్కించాల్సి రావడం అరుదు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడుతుంటే ముందే చెప్పండి. బీపీ ఎక్కువగా ఉంటే అది తగ్గాకే చేస్తారు.

రిపోర్టు బాన్ఫ్ పద్ధతిలో వస్తుంది. కెనడాలోని బాన్ఫ్ ఊళ్లో 1991లో నిపుణులు కూర్చుని మొదలుపెట్టిన వర్గీకరణ అది. అక్కడ మీరు చూడాల్సింది ఒక్కటే, టీ కణాల వల్ల వచ్చిన రిజెక్షనా, యాంటీబాడీల వల్ల వచ్చినదా అని.

టీ కణాల వల్ల అయితే, ముఖ్యంగా గొట్టాల దగ్గరే ఆగి ఉంటే, వైద్యానికి బాగా లొంగుతుంది. మిథైల్‌ప్రెడ్నిసొలోన్ సాధారణంగా రోజుకు 500 మిల్లీగ్రాముల చొప్పున మూడు రోజులు సెలైన్‌లో ఎక్కిస్తారు. కొన్నిచోట్ల ఇంకొంచెం తక్కువ, కొన్నిచోట్ల ఎక్కువ ఇస్తారు. ఆ మూడు రోజులూ నిద్ర పట్టదు, షుగర్ పెరుగుతుంది, ముఖం ఉబ్బుతుంది, కంగారు పడకండి. వారం లోపల క్రియాటినిన్ దిగడం మొదలవ్వాలి. ఉదాహరణకు 1.8 నుంచి 1.6, అక్కడి నుంచి 1.4 దగ్గర ఆగొచ్చు. కొందరికి పాత 1.2కు పూర్తిగా రాదు, అంటే కొంత మచ్చ మిగిలిందని. అసలే దిగకపోతే, లేదా బయాప్సీలో రక్తనాళాల గోడలు కూడా దెబ్బతిన్నట్టు కనబడితే, యాంటీథైమోసైట్ గ్లోబ్యులిన్ ఇస్తారు. ఏటీజీ అంటారు. మనిషి థైమస్ కణాలను కుందేలుకు ఎక్కించి, దాని రక్తంలో తయారైన యాంటీబాడీలను శుద్ధిచేసిన మందు ఇది. టీ కణాల్ని అణచడం కాదు, నేరుగా చంపేస్తుంది. అంత బలమైనది కాబట్టి ఆ తర్వాత కొన్ని నెలలు ఇన్‌ఫెక్షన్లు రాకుండా కోట్రైమోక్సజోల్, వాల్‌గాన్సిక్లోవిర్ లాంటివి మళ్లీ మొదలుపెడతారు. ఆ మాత్రల్ని అదనపు బరువు అనుకుని మానేయకండి.

యాంటీబాడీల వల్ల అయితే దారి కష్టం. రోజూ వేసుకునే మూడు మందులూ ప్రధానంగా టీ కణాలు లేవకుండా, పెరగకుండా చూసేవి. రక్తంలో ఇప్పటికే తిరుగుతున్న యాంటీబాడీని అవి తీసేయలేవు. అప్పుడు ప్లాస్మా మార్పిడితో వాటిని వడకట్టి తీయాలి, ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఎక్కించాలి, కొందరికి రిటుక్సిమాబ్ కూడా ఇస్తారు. ఖర్చు ఎక్కువ, ఫలితం మొదటి రకమంత ఖాయం కాదు. యాంటీబాడీలు ఉన్నాయో లేవో డీఎస్‌ఏ అనే రక్తపరీక్ష చెబుతుంది. బయాప్సీతోపాటే దాన్ని పంపమని అడగండి.

పక్కింటివాళ్లకు జవాబు మూడో రకంలో ఉంది, క్రానిక్ రిజెక్షన్. ఇది నెలల్లో కాదు, ఏళ్లలో వస్తుంది. కిడ్నీలో పరాయి గుర్తులు ఎప్పటికీ అలాగే ఉంటాయి, ఐదేళ్లయినా అవి సొంతం కావు. మందు పడనప్పుడల్లా, లెవెల్ దిగినప్పుడల్లా, కొన్ని టీ కణాలు లేచి యాంటీబాడీలు తయారుచేసే బీ కణాలకు సాయం చేస్తాయి. అలా కొత్తగా పుట్టిన యాంటీబాడీలు హైపర్ అక్యూట్‌లోలాగా ఒక్కసారి కొట్టవు. కిడ్నీలోని సన్నని రక్తనాళాల్ని కొద్దికొద్దిగా నలుపుతాయి, ఆ నాళాల గోడలు రెండు పొరలుగా మందమవుతాయి, చుట్టూ మచ్చ కడుతుంది. యూరిన్‌లో ప్రొటీన్ పోవడం మొదలవుతుంది, బీపీ పెరుగుతుంది, క్రియాటినిన్ ఏడాదికి కొంచెం చొప్పున ఎక్కుతుంది. ఆ మచ్చను వెనక్కి తిప్పే మందు ఇప్పటికి లేదు. స్టెరాయిడ్ పెద్ద డోసు, ఏటీజీ కూడా ఇక్కడ పెద్దగా పనికిరావు. టాక్రోలిమస్ లెవెల్ సరిగ్గా నిలపడం, బీపీ అదుపు, యూరిన్‌లో ప్రొటీన్ తగ్గించడం, వీటితో దాని నడక నెమ్మదింపజేయడమే మిగులుతుంది. ఇప్పుడు మీ వారికి వచ్చింది అక్యూట్ అయితే, దాన్ని పూర్తిగా తగ్గించడం ఎందుకంత ముఖ్యమో దీన్నిబట్టి చూడండి. సరిగ్గా తగ్గని అక్యూట్ రిజెక్షనే చాలాసార్లు తర్వాత క్రానిక్‌గా తేలుతుంది.

మందులు తగ్గించడమంటూ ఉంటుంది, అది డాక్టరు చేస్తారు. ఏడాది గడిచి అన్నీ నిలకడగా ఉంటే టాక్రోలిమస్ లెవెల్ కొంచెం కిందికి, స్టెరాయిడ్ రోజుకు 5 మిల్లీగ్రాముల దగ్గరికి దించుతారు. పూర్తిగా మానేయడం మాత్రం ఉండదు.

షిఫ్టుల సంగతికి ఒక పద్ధతి చెబుతాను, మీ డాక్టరును అడిగి పెట్టుకోండి. మాత్రను నిద్రతో కాదు, గడియారంతో ముడిపెట్టండి, పొద్దున 8, రాత్రి 8. పొద్దుటి ‘ఏ’ షిఫ్టులో 8కి పనిలో ఉంటారు, మాత్ర జేబులో ఉండాలి. బీ షిఫ్టులో రాత్రి 8 మాత్రది అదే పరిస్థితి. సీ షిఫ్టు ఇంకా తేలిక. 8కి వేసుకుని ఇంట్లోంచి బయల్దేరతారు, పొద్దున ఇంటికొచ్చాక 8కి వేసుకుని అప్పుడు పడుకుంటారు. ఫోన్లో రెండు అలారాలు చాలు. తిండికి ముందో తర్వాతో ఏదో ఒకటి రోజూ ఒకేలా ఉండాలి, ఎందుకంటే తిండితో వేసుకుంటే టాక్రోలిమస్ తక్కువ ఒంటబడుతుంది. ఇది కుదరకపోతే రోజుకు ఒక్కసారే వేసుకునే టాక్రోలిమస్ రకం ఉంది, దాని గురించి అడగండి, సొంతంగా మార్చుకోకండి. మెడికల్ షాపులో వేరే కంపెనీది చేతిలో పెట్టినా అంతే, మార్చాల్సి వస్తే డాక్టరుకు చెప్పి కొన్ని రోజుల్లో లెవెల్ చూపించాలి. ఒక డోసు మర్చిపోతే తర్వాత రెండు కలిపి వేసుకోకూడదు.

ఇంకొకటి. ఏ జ్వరానికైనా, దగ్గుకైనా వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే టాక్రోలిమస్ వాడుతున్నారని ముందు చెప్పండి. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ దీని లెవెల్‌ను బాగా పడగొడుతుంది. క్లారిత్రోమైసిన్, ఫ్లూకోనజోల్ లాంటివి పెంచేస్తాయి. నొప్పికి డైక్లోఫెనాక్ మాత్రలు కిడ్నీకి మంచివి కావు. పంపరపనస పండు కూడా లెవెల్ పెంచుతుంది. విరేచనాలు పట్టుకుంటే లెవెల్ తగ్గుతుందనుకుంటారు, టాక్రోలిమస్ విషయంలో పెరగడమే ఎక్కువ, అప్పుడు కూడా పరీక్ష చేయించాలి.

మీ అత్తగారు ఇప్పుడు ‘నా కిడ్నీయే మంచిది కాదేమో’ అని కుమిలిపోతూ ఉంటారు. కాదని చెప్పండి, వచ్చిన చిక్కు ఆ కిడ్నీలో లేదు, దాన్ని గుర్తుపట్టిన టీ కణాల్లో ఉంది. అలాగే ఆవిడకూ ఏడాదికోసారి బీపీ, క్రియాటినిన్, యూరిన్‌లో ప్రొటీన్ చూపించాలి. కొడుకు హడావుడిలో పడి చాలా ఇళ్లలో ఈ పరీక్షలు మర్చిపోతుంటారు. ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఆవిడను కూడా తీసుకెళ్లండి.